మొదటి పది నిమిషాల నీళ్లు

మా వీధికి మంచినీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. తెల్లవారుజామున 5:40 ప్రాంతంలో లైన్‌మన్ వాల్వు తిప్పగానే ముందు కుళాయిలోంచి గాలి బుసకొడుతుంది, తర్వాత సన్నటి ధార మొదలవుతుంది. నిరుడు జూన్ 26న ఆ గాలితోపాటే మురుగు కంపు వచ్చింది. కింద పెట్టిన తెల్ల టబ్బులో నీళ్లు బియ్యం కడిగిన కుడితిలా పడ్డాయి, అడుగున నల్లటి నలకలు చేరాయి. పది నిమిషాలు పోయాక ధార తేటపడింది. పైపులో పేరుకున్న మురికి కొట్టుకుపోయిందనుకుని గొట్టం తీసి సంపులో పెట్టాను.

ఆ తర్వాత మూడు రోజుల్లో మా ఇంట్లో ఇద్దరికి విరేచనాలు పట్టుకున్నాయి. పక్కింటి మూడేళ్ల బాబుకు జూన్ 30న సెలైన్ ఎక్కించారు. నాలుగిళ్ల అవతలి పెద్దాయనను జూలై 2న ఆసుపత్రిలో చేర్చారు. జూలై 3న నేను నీటి సరఫరా బోర్డు ఆఫీసుకు వెళ్లి ఉత్తరం ఇచ్చాను. అందులో ఏం రాశానో ఇప్పుడు చదువుకుంటే నాకే బాధగా ఉంటుంది. ‘మా వీధిలో కొద్ది రోజులుగా మురికి నీళ్లు వస్తున్నాయి. చాలామంది అనారోగ్యం పాలవుతున్నారు. దయచేసి తగిన చర్య తీసుకోగలరు.’ అంతే. ఎప్పటినుంచి, ఏ గంటకు, ఎన్ని ఇళ్లలో, ఎవరికి, ఏం చేయాలి అన్నవాటిలో ఒక్కదానికీ జవాబు లేని ఉత్తరం అది.

అయినా వాళ్లు వచ్చారు. మర్నాడే, జూలై 4న నీళ్లొచ్చే రోజు ఉదయం 6:25కు ఒక ఉద్యోగి వచ్చి మా కుళాయి నీళ్లు చిన్న గాజు గొట్టంలో పట్టి, అందులో మందు చుక్కలు వేశాడు. నీళ్లు పసుపు రంగుకు తిరిగాయి. ‘‘చూడండమ్మా, క్లోరిన్ ఉంది. నీళ్లు బాగానే ఉన్నాయి’’ అన్నాడు. ఆ సాయంత్రమే ఫిర్యాదు పరిష్కారమైందని ఫోనుకు సందేశం వచ్చింది.

నాకు మండిపోయింది. ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది ఏమిటంటే, అతను అబద్ధం చెప్పలేదు. 6:25కు వచ్చిన నీళ్లు నిజంగానే బాగున్నాయి. మమ్మల్ని జబ్బుపడేసినవి 5:40కి వచ్చిన నీళ్లు. నా ఉత్తరంలో ఆ గంట రాయలేదు కాబట్టి అతను వీలైన గంటకు వచ్చాడు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క విషయమే. నీళ్లు కలుషితమయ్యాయని బోర్డుకు రాసే ఉత్తరంలో తేదీ, గంట లేకపోతే ఆ ఉత్తరాన్ని నిజాయితీగానే మూసేయవచ్చు.

ఇరవై నాలుగు గంటలూ నీళ్లుండే పైపులో ఒత్తిడి ఎప్పుడూ లోపలినుంచి బయటికే ఉంటుంది. చిన్న చిల్లు ఉంటే మంచినీళ్లు బయటికి కారి వృథా అవుతాయి తప్ప, బయటి మురుగు లోపలికి రావడం కష్టం. మన హైదరాబాద్ నగరంలో చాలా కాలనీలకు నీళ్లు గంటో రెండు గంటలో వదిలి ఆపేస్తారు. ఆపగానే పైపు ఖాళీ అవుతుంది. పల్లంలో ఉన్న ఇళ్ల కుళాయిలు మిగిలిన నీళ్లను లాగేస్తుంటే పైపు లోపల శూన్యం ఏర్పడి, చిల్లు దగ్గర ఏ తడి ఉంటే అది లోపలికి పోతుంది. ఆ చిల్లు డ్రైనేజీ చాంబర్ పక్కన ఉందంటే పోయేది మురుగే. వానాకాలంలో చాంబర్లు నిండి, చుట్టూ మట్టి నానిపోయి ఉంటుంది కనుక బెడద అప్పుడే ఎక్కువ. కొందరు కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగుతారు. ఆ లాగుడూ ఇదే పని చేస్తుంది.

ఇలా రెండు రోజులు పైపులో నిలిచిన మురుగును, మళ్లీ వాల్వు తిప్పగానే కొత్త నీళ్లు ముందుకు తోస్తాయి. మొదట వచ్చేది అదే. పది పదిహేను నిమిషాల్లో అది కొట్టుకుపోయి, రిజర్వాయరు నుంచి వచ్చే క్లోరిన్ కలిసిన నీళ్లు అందుతాయి. అయితే ఆ పది నిమిషాల నీళ్లు ఎక్కడికీ పోలేదు, మా అందరి సంపుల్లోకీ చేరాయి. రెండు రోజులపాటు మేము తాగింది అదే. కుళాయి దగ్గర నీళ్లు బాగున్నాయన్న మాటా, ఇంట్లో మనుషులు మంచాన పడ్డారన్న మాటా రెండూ ఒకేసారి నిజం కావడానికి కారణం ఇది.

జూలై 5న ఒక నోటు పుస్తకం పట్టుకుని వీధంతా తిరిగాను. మా వీధిలో రెండు పైపులైన్లు ఉన్నాయి. కుడివైపు 14 ఇళ్లకు ఒకటి, ఎడమవైపు 17 ఇళ్లకు మరొకటి. ప్రతి ఇంట్లో ఒకే రకం ప్రశ్నలు అడిగాను. ఎవరికి బాగోలేదు, వయసెంత, మొదటి విరేచనం ఏ రోజు అయింది, డాక్టరు చీటీ ఉందా, తాగడానికి ఏ నీళ్లు వాడుతున్నారు. మనవాళ్లను ‘జబ్బు ఎప్పుడు వచ్చింది’ అని అడిగితే ఆసుపత్రికి వెళ్లిన రోజు చెబుతారు. మనకు కావలసింది అది కాదు. ‘‘వదినా, మొదటిసారి ఎప్పుడు లేచారు? ఆ రోజు నీళ్లొచ్చే రోజా, మర్నాడా?’’ అని అడిగితే సరైన తేదీ గుర్తొస్తుంది.

లెక్క తీస్తే కుడివైపు 14 ఇళ్లలో 9 ఇళ్లవాళ్లకు, మొత్తం 17 మందికి జబ్బు చేసింది. అందులో నలుగురు ఐదేళ్లలోపు పిల్లలు. జూన్ 27, 28 తేదీల్లో ఆరుగురికి, జూన్ 29 నుంచి జూలై 3 దాకా ఎనిమిది మందికి, ఆ తర్వాతి రెండు రోజుల్లో ముగ్గురికి మొదలైంది. ఎడమవైపు 17 ఇళ్లలో జబ్బుపడింది ఒక్క పాప. ఆ పాప రోజూ సాయంత్రం ట్యూషన్‌కు కుడివైపు ఇంటికే వస్తుంది, అక్కడి నీళ్లే తాగుతుంది.

జబ్బు రాని ఇళ్లను కూడా రాయాలని ఆ రోజు ఎందుకు తోచిందో తెలియదు కానీ, చివరికి పైపు చిల్లును పట్టించింది అవే. కుడివైపు ఎవరికీ ఏమీ కాని ఇళ్లు ఐదు. వాటిలో రెండిళ్లవాళ్లు కొన్న క్యాను నీళ్లే తాగుతారు. మిగతా మూడూ వరుసగా వీధి మొదట్లో, వాల్వుకు దగ్గరగా ఉన్న ఇళ్లు. అంటే మురుగు కలుస్తున్నది మూడో ఇల్లు దాటాకే. మూడో ఇంటికీ నాలుగో ఇంటికీ మధ్య రోడ్డు మీద ఒక డ్రైనేజీ చాంబర్ ఉంది.

ఇక నీళ్ల పరీక్ష. జూలై 6న, 8న ఇంటి దగ్గర నేనే చేశాను. క్లోరిన్ చూసే చుక్కల మందు సీసా, మురుగు సూక్ష్మజీవులుంటే నల్లబడే హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష సీసాలు కొన్నాను. ఈ రెండో పరీక్ష మన దేశపు శాస్త్రవేత్తలు 1982లో ప్రకటించినది. గీత దాకా నీళ్లు పోసి, మూతపెట్టి, గది వేడిలో ఒకటి రెండు రోజులు ఉంచితే చాలు. రెండు రోజులూ రెండేసి నమూనాలు తీశాను. ఒకటి నీళ్లు మొదలైన రెండో నిమిషంలో, ఇంకోటి ముప్ఫయ్యో నిమిషంలో. రెండూ సంపుకు ముందున్న కుళాయి నుంచే. సంపులోని నీళ్లు పరీక్షిస్తే ‘మీ సంపు కడుక్కోండి’ అనే జవాబు వస్తుంది, దానికి మన దగ్గర ఎదురుమాట ఉండదు.

రెండో నిమిషం నీళ్లలో చుక్కలు వేస్తే రంగు మారనే లేదు. ముప్ఫయ్యో నిమిషానికి పసుపు వచ్చింది. చుక్కలు వేసిన వెంటనే రంగు చూసి రాసుకోవాలి, ఆలస్యమైతే రంగు ముదిరి లెక్క తప్పుతుంది. క్లోరిన్ లేకపోవడం దానంతటదే ఒక సాక్ష్యం. మురుగు కలిస్తే క్లోరిన్ దాన్ని చంపే పనిలోనే ఖర్చయిపోతుంది. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి.

సీసాలను వంటింటి అలమరలో పక్కపక్కనే పెట్టాను. జూలై 7 మధ్యాహ్నానికి రెండో నిమిషం సీసా అడుగున బూడిద రంగు మొదలై, సాయంత్రానికి సిరా పోసినంత నల్లగా అయింది. ముప్ఫయ్యో నిమిషం సీసా అలాగే ఉంది. ఒకే కుళాయి, ఒకే ఉదయం, మధ్య 28 నిమిషాల తేడా. ఆ రెండు సీసాలనూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి ఉత్తరానికి జతచేశాను. అయితే ఈ సీసా పరీక్షకు హద్దులున్నాయి. మురుగు కాని కొన్ని సూక్ష్మజీవుల వల్ల కూడా అది నల్లబడవచ్చు. నల్లబడకపోతే నీళ్లు సురక్షితమనీ చెప్పలేం, కామెర్లు తెచ్చే వైరస్ దీనికి చిక్కదు. ఏ నమూనాను ప్రయోగశాలకు పంపాలో తేల్చుకోవడానికి మాత్రమే ఇది పనికొస్తుంది.

అందుకని జూలై 10న ప్రయోగశాల నమూనా తీశాం. మన నగరంలో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో తాగునీటి పరీక్షలు చేస్తారు. గుర్తింపు ఉన్న ప్రైవేటు ప్రయోగశాలలూ ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా నమూనా సీసా వాళ్ల దగ్గరే తీసుకోవాలి. చాలామంది కొన్న నీళ్ల సీసాను కడిగి అందులో పట్టుకెళ్తారు, ఆ ఫలితానికి విలువ ఉండదు. ప్రయోగశాల ఇచ్చేది సూక్ష్మజీవుల్లేకుండా శుద్ధిచేసిన సీసా. అందులో సోడియం థయోసల్ఫేట్ కొద్దిగా ఉంటుంది. సీసాలో ఉన్న క్లోరిన్‌ను అది అప్పటికప్పుడే విరిచేస్తుంది. లేకపోతే దారి పొడవునా క్లోరిన్ సూక్ష్మజీవులను చంపుతూనే ఉంటుంది, మురికి నీళ్లు ప్రయోగశాలకు చేరేసరికి మంచివైపోతాయి. ఆ పొడి ఉంది కనుక సీసాను ముందుగా కడగకూడదు. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. పైన కొంచెం ఖాళీ వదిలి మూత బిగించి, ఐసు పెట్టిన డబ్బాలో ఉంచి, ఆరు గంటల్లోపు చేర్చాలి.

మామూలుగా నమూనా తీసేముందు కుళాయిని రెండు మూడు నిమిషాలు వదిలేయమంటారు. మామూలు పరీక్షకు అది సరైనదే. మా విషయంలో ఆ వదిలేసిన నీళ్లలోనే నేరం ఉంది. అందుకే రెండు సీసాలు తీసుకుని, కుళాయి మూతిని ముందే శుభ్రం చేసి, ఒకదాంట్లో 5:42కు, రెండోదాంట్లో 6:12కు పట్టి, రెండింటి మీదా సమయం రాసి, ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ల చేత సంతకం చేయించాను. 9:10కి ప్రయోగశాలలో ఇచ్చాను. జూలై 14న ఫలితం వచ్చింది. 5:42 నమూనాలో కోలిఫాంలనే సూక్ష్మజీవులు, ఈ. కోలి ఉన్నాయి. 6:12 నమూనాలో లేవు. ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల తాగునీటిలో ఈ. కోలి ఒక్కటి కూడా కనిపించకూడదు. మనిషి పేగుల్లోనో జంతువుల పేగుల్లోనో తప్ప మామూలుగా పెరగని జీవి అది. నీళ్లలో కనిపించిందంటే మలం కలిసిందని అర్థం.

ఆ రోజే రెండో ఉత్తరం ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకున్నాను. అందులో ముఖ్యమైన భాగం ఇది.

‘విషయం: సరఫరా మొదలైన తొలి పది నిమిషాల్లో తాగునీటిలో మురుగు కలవడం గురించి.

అయ్యా, మా వీధికి సరి తేదీల్లో ఉదయం 5:40 నుంచి సుమారు గంటసేపు నీళ్లు వస్తాయి. జూన్ 26 నుంచి తొలి పది నిమిషాల నీళ్లు కంపుతో, నలకలతో వస్తున్నాయి. జూలై 4న ఉదయం 6:25కు మీ సిబ్బంది పరీక్షించినప్పుడు క్లోరిన్ ఉన్నట్టు తేలింది. దానితో మాకు పేచీ లేదు. జూలై 10న 5:42కు, 6:12కు తీసిన రెండు నమూనాల ఫలితాలు జతచేశాం. మొదటిదానిలో ఈ. కోలి ఉంది, రెండోదానిలో లేదు.

కుడివైపు లైనులోని 14 ఇళ్లలో 9 ఇళ్లవారికి, 17 మందికి జూన్ 27, జూలై 5 మధ్య విరేచనాలు మొదలయ్యాయి. ఇద్దరు ఆసుపత్రిలో చేరారు. ఇంటి నంబరు, వయసు, జబ్బు మొదలైన తేదీ పట్టికలో ఉన్నాయి. ఎడమవైపు లైనులోని 17 ఇళ్లలో ఒక్క పాపకే జబ్బు చేసింది, ఆ పాప కుడివైపు ఇంట్లో నీళ్లు తాగుతుంది. కుడివైపు మొదటి మూడు ఇళ్లలో ఎవరికీ జబ్బు రాలేదు. కనుక మూడో, నాలుగో ఇళ్ల మధ్య ఉన్న డ్రైనేజీ చాంబర్ దగ్గర పైపును పరిశీలించమని కోరుతున్నాం.

మా విన్నపాలు: జూలై 16న ఉదయం 5:40కి ముందే మీ సిబ్బంది వచ్చి తొలి నిమిషాల నీటిని మా ఎదుట పరీక్షించాలి. పైన చెప్పిన చోట తవ్వి చూడాలి. మరమ్మతు అయ్యేదాకా ఈ లైను ఆపి ట్యాంకరు పంపాలి. మీ పరీక్షా ఫలితం కాగితం మీద ఇవ్వాలి.’

రోగుల పేర్లు రాయలేదు. ఆసుపత్రి చీటీల నకళ్లు కూడా వాళ్లు ఒప్పుకున్నవే, పేరు కొట్టేసి పెట్టాను. జబ్బు ఒకరి సొంత విషయం, అది ఆఫీసు ఫైళ్లలో తిరగనక్కర్లేదు. కుళాయి కనెక్షన్ల క్యాన్ నంబర్లు, అంటే నీళ్ల బిల్లు ఖాతా నంబర్లు మాత్రం తొమ్మిదిళ్లవీ రాశాను. కంప్యూటర్‌లో వాళ్లు ఇంటిని పట్టుకునేది దాంతోనే. ‘తగిన చర్య’ అన్న మాట ఈసారి ఎక్కడా వాడలేదు. ఒక లైన్‌మన్ చదివి, రేపు పొద్దున ఎక్కడ నిలబడాలో, ఎక్కడ గడ్డపార వేయాలో తెలుసుకునేలా ఉండాలన్నదే నా పట్టుదల.

జూలై 16న 5:30కే వచ్చారు. ఇంజినీరు కూడా వచ్చాడు. 5:41కి పట్టిన నీళ్లలో చుక్కలు వేస్తే రంగు రాలేదు. ఆయన ఒక్క మాట అనకుండా గొట్టం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, లైను ఆపమన్నాడు. చాంబర్ పక్కన మూడడుగుల లోతు తవ్వితే ఒక పాత ఇనుప సర్వీసు పైపు బయటపడింది. నాలుగో ఇల్లు పడగొట్టి మళ్లీ కట్టినప్పుడు కొత్త కనెక్షన్ తీసుకున్నారు, పాతదాన్ని మెయిన్ పైపు దగ్గర మూయకుండా వదిలేశారు. వాడకంలో లేని ఆ పైపు మట్టిలోనే తుప్పుపట్టి, చింతగింజంత చిల్లు పడింది. చాంబర్ ఇటుక గోడ నానిపోయి మురుగు సరిగ్గా దాని మీదికే కారుతోంది. మెయిన్ పైపు దగ్గర పాత కనెక్షన్‌కు బిరడా వేశారు, లైనంతా వదిలి కడిగారు. మేమందరం సంపులు ఖాళీచేసి బ్లీచింగ్‌తో కడుక్కున్నాం. జూలై 18న మొదటి నిమిషం నీళ్లలోనే పసుపు వచ్చింది. జూలై 20న తీసిన నమూనాలో సూక్ష్మజీవులు లేవు.

అక్కడితో అయిపోయిందని వీధిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. జూలై 29న ఏడో ఇంటి అబ్బాయికి కళ్లు పచ్చబడ్డాయి. ఆగస్టు 2న పదకొండో ఇంట్లో ఒకావిడకు. రక్తపరీక్షలో ఇద్దరికీ హెపటైటిస్ ఇ, అంటే కలుషిత నీళ్లతో వచ్చే కామెర్లని తేలింది. ఆఫీసులో అడిగితే ‘‘లైను బాగుచేసి రెండు వారాలైంది కదమ్మా, ఇది మా నీళ్ల వల్ల కాదు’’ అన్నారు.

ఇక్కడే తేదీల లెక్క మళ్లీ అవసరమైంది. ఈ వైరస్ ఒంట్లో చేరాక జబ్బు బయటపడడానికి రెండు నుంచి పది వారాలు పడుతుంది, సగటున ఐదారు వారాలు. జూలై 29 నుంచి ఐదు వారాలు వెనక్కి లెక్కపెడితే జూన్ 24 వస్తుంది, మా కుళాయిలో కంపు మొదలైన రోజుకు రెండు రోజుల ఎడం. కామెర్లు బయటపడిన రోజు నీళ్లను పరీక్షించి లాభం లేదు. నెల కిందటి నీళ్ల కాగితాలు చూడాలి. ఆగస్టు 4న మూడో ఉత్తరంలో ఇది రాసి, రెండో ఉత్తరం నకలు జతచేశాను. మరమ్మతు జరిగిన జూలై 16 నుంచి పది వారాలు, అంటే సెప్టెంబరు 24 దాకా ఆ తొమ్మిదిళ్లకూ ఆరోగ్య కార్యకర్తలను పంపించమని అడిగాను. ఎనిమిదో ఇంట్లో ఏడో నెల గర్భిణి ఉందని ప్రత్యేకంగా రాశాను. నెలలు నిండుతున్న గర్భిణులకు ఈ కామెర్లు ప్రాణాంతకం కావచ్చు. ఉత్తరం ఇచ్చి వస్తూనే వాళ్లింటికి వెళ్లి, కళ్లు కాస్త పచ్చగా కనిపించినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పాను.

ఇంత పట్టుబట్టడం అవసరమా అని మా వీధిలోనే కొందరు అడిగారు. 2009 మేలో ఇదే నగరంలో, భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి మనుషులు చనిపోయారు. ఆ వార్తలు చదివిన రోజులు నాకు గుర్తున్నాయి. ఉత్తరం ముందు వెళ్లాలి, మరణం తర్వాత కాదు.

ఆరోగ్య కార్యకర్తలు నాలుగుసార్లు వచ్చారు. ఆగస్టు 11న, 19న ఇంకో ఇద్దరికి కామెర్లు బయటపడ్డాయి, నలుగురూ కోలుకున్నారు. ఎనిమిదో ఇంటి అమ్మాయికి రాలేదు. నా నోటు పుస్తకంలో సెప్టెంబరు 24 వరకూ నీళ్లొచ్చిన ప్రతి రోజుకూ మొదటి నిమిషం నీళ్ల రంగు రాసి ఉంది.

ఎడమవైపు వరుసలో కూడా ఈ మధ్య రెండు పాత ఇళ్లు పడగొట్టి కట్టారు. వాటి పాత కనెక్షన్లు మెయిన్ పైపు దగ్గర మూశారా, మూస్తే ఏ తేదీన మూశారు అని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుము కట్టి అక్టోబరు 6న దరఖాస్తు ఇచ్చాను. ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలని చట్టం. ఒక ఇంటిది మూసినట్టు తేదీతో సహా జవాబు వచ్చింది. రెండో ఇంటి గురించి రికార్డు లేదన్నారు. ఆ ఇంటి ముందు తవ్వి చూడమని నాలుగో ఉత్తరం రాశాను.